‘ఆడుతాడు’ అనకుండా ఆశను పాడటం

ప్రశ్న: “మా అక్క కొడుక్కి ఆరేళ్లు. లుకేమియా అని చెప్పి రెండు నెలలవుతోంది. మల్కాజిగిరిలో అక్క వాళ్లింట్లో రోజూ సాయంత్రం అందరం కూర్చుని ప్రార్థన చేస్తున్నాం. నన్నొక పాట రాయమన్నారు. ‘రేపో మాపో లేచి మా బాబు ఆడుతాడు, నమ్మిన వారిని నీవు కాపాడుతావు’ అని పల్లవి రాశాను. పాడుతుంటే బావ లేచి బయటికి వెళ్లిపోయాడు. డాక్టర్లు ఇప్పుడే ఏమీ చెప్పలేమంటున్నారు. ధైర్యం ఇవ్వాలి, అబద్ధం చెప్పకూడదు. అలాంటి పాట ఎలా రాయాలి?”

మీ బావగారు లేచి వెళ్లడానికి కారణం మీ పల్లవిలోని భావం కాదని, అందులోని రెండు క్రియాపదాలని నాకు అనిపిస్తోంది. చిక్కడపల్లిలో మా భజన బృందానికి ఇరవై ఏళ్లకు పైగా పాటలు రాస్తున్నాను, జబ్బు పడిన పిల్లల ఇళ్లలో పాడవలసినవి కూడా అందులో కొన్ని ఉన్నాయి. అటువంటి పాటలో ఉపమానాల కన్నా, రాగం కన్నా ముందు చూసుకోవలసింది వాక్యం చివర క్రియ ఏ రూపంలో ఉందన్నదే. అందుకే ఎక్కువ భాగం దాని గురించే చెబుతాను.

తెలుగులో ‘ఆడుతాడు’ అన్న మాట రెండు పనులు చేస్తుంది. ‘మా బాబు రోజూ సాయంత్రం ఆడుతాడు’ అంటే అలవాటు, ‘రేపు ఆడుతాడు’ అంటే జరగబోయేది. రూపం ఒక్కటే, సందర్భమే అర్థాన్ని తేలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడి గురించి పాడితే అది అలవాటుగానే వినిపిస్తుంది. మంచం మీద ఉన్న పిల్లవాడి గురించి పాడినప్పుడు మాత్రం అలవాటు అర్థం పూర్తిగా రాలిపోయి, భవిష్యత్తు ఒక్కటే మిగులుతుంది. ‘కాపాడుతావు’ కూడా అంతే. మీరు దేవుడి స్వభావాన్ని చెబుతున్నామనుకుని రాశారు, తండ్రి చెవికి అది ఫలితం ముందే చెప్పేసిన మాటగా చేరింది. ఆ ఉదయమే డాక్టరు నోట ‘ఇప్పుడే చెప్పలేం’ అన్న మాట విని వచ్చిన మనిషి, సాయంత్రం పదిమంది గొంతు కలిపి ‘ఆడుతాడు’ అంటుంటే దానితో గొంతు కలపలేడు, కాదనీ అనలేడు. అందుకే లేచి వెళ్లి ఉంటారు. దానికి తోడు ‘నమ్మిన వారిని’ అని షరతు ఒకటి ఉంది. రేపు జ్వరం పెరిగితే తన నమ్మకం చాలలేదేమోనని మీ అక్క తనను తాను నిందించుకోవడానికి ఆ ఒక్క మాట చాలు.

ఈ పొరపాటు నేను కూడా చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం మా వీధిలో ఒక పాపకు జబ్బు చేస్తే, వాళ్ల అమ్మమ్మ అడిగిందని ఒక పాట రాసిచ్చాను. ‘బోనాల నాటికి మా తల్లి ఇంటికొస్తుంది’ అని అందులో ఒక పాదం ఉంది. ఆషాఢం వచ్చింది, వీధిలో డప్పులు మోగాయి, పాప ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. దసరా దాటాక ఆ పాప ఇంటికి వచ్చిన మాట నిజమే, ఇప్పుడు పెద్దదయింది కూడా. అయితే ఆ పాటను ఆ ఇంట్లో బోనాల రోజు నుంచీ ఎవరూ పాడలేదు. ‘ఆ పాట ఎత్తుకుంటే నాకు రోజులు లెక్కపెట్టినట్టు ఉంటోందండీ’ అని తల్లి నాతో అన్నది. మనసు బాగా కుంగి, పాట అవసరం అన్నింటికన్నా ఎక్కువగా ఉన్న ఆ రెండు మూడు నెలలూ వాళ్ల దగ్గర పాట లేకుండా చేసినవాణ్ణి నేనే. అప్పటి నుంచి నా పాటలో తేదీ ఉండదు, పండుగ ఉండదు, ‘రేపు’, ‘త్వరలో’, ‘తప్పక’ అన్న మాటలు ఉండవు. మీ మేనల్లుడి విషయంలో ఇది మరీ ముఖ్యం. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం లుకేమియాకు చికిత్స సాధారణంగా రెండేళ్లకు పైగానే సాగుతుంది. ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఆడుకోవడం, మళ్లీ జ్వరం వస్తే ఉన్నపళాన ఆసుపత్రికి పరుగెత్తడం అందులో మామూలుగా ఉండేవే. మీరు రాసే పాట ఆ మంచి రోజుకూ ఆ చెడ్డ రోజుకూ ఒక్క అక్షరం మార్చకుండా పాడుకునేలా ఉండాలి.

మరి ఆశను చెప్పడానికి ఏ రూపం మిగిలింది? ‘కోలుకోవాలి’ అన్న రూపం మొదట తోస్తుంది, అది దేవుడితో అన్నప్పుడు కోరికే. అయితే పాట వింటున్నవాళ్లలో పిల్లవాడు కూడా ఉంటాడు. ‘నువ్వు లేవాలి, నువ్వు నవ్వాలి, గెలవాలి’ అని అతని వైపు తిరిగి పాడితే అది ఆజ్ఞ అవుతుంది. ఆరేళ్లవాడికి లేవలేకపోవడం తన తప్పని తోస్తుంది. ‘వీరుడా, పోరాడు’ అనే ధోరణి పాటలు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. ఇక ‘కోలుకొనుగాక’ అన్నది పెద్దలు దీవించే రూపం. తాతగారు అంటే బాగుంటుంది, దేవుడి ముందు చేతులు జోడించిన తల్లి నోట అంతగా అమరదు.

మన భాషలో వేడుకోవడానికి ఇంతకంటే మెత్తని దారి ఒకటి ఉంది. ‘రావా’, ‘చూడవా’, ‘పట్టుకోవా’ అన్న రూపం చూడండి. వ్యాకరణం ప్రకారం అది ‘పట్టుకోవు’ అన్న వ్యతిరేక క్రియకు ప్రశ్నార్థకమైన ‘ఆ’ చేరి ఏర్పడింది. అంటే పట్టుకోకపోవచ్చునన్న సంగతి ఆ మాటలోనే ఇమిడి ఉంది, పట్టుకోమన్న వేడుకోలు కూడా అందులోనే ఉంది. అడుగుతాము, జవాబు మన చేతిలో లేదని ఒప్పుకుంటాము, అయినా అడగడం మానము. మీరు కోరిన ‘ధైర్యం ఇవ్వాలి, అబద్ధం చెప్పకూడదు’ అన్న రెండూ ఆ ఒక్క ‘వా’లో కుదురుతాయి. దీనికి తోడుగా ‘రానీ’, ‘నిద్రపోనీ’, ‘కోలుకోనీ’ అన్న రూపం ఉంది. జరగవలసినదానికి అడ్డు తొలగించమని అడగడం అది. ఈ రెండు రూపాలతోనే పాట మొత్తం నడిపించవచ్చు.

మీ ఇంటి సంగతిని మనసులో పెట్టుకుని నేను ఒక పాట కట్టాను. మీరు దీన్ని యథాతథంగా పాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

చిన్ని చేతిని పట్టుకోవా
చెంత నుండగ రావ దేవా

వేడి నుదుటికి వెన్నెలై రా
నిదుర లేమికి నీడవై రా
కొంత నొప్పిని తగ్గనీవా
కంట నిద్దుర వాలనీవా

అమ్మ కన్నుల అలసటంతా
నాన్న గుండెల దిగులు బరువూ
చెప్పకుండనె తెలుసు నీకూ
చేర వచ్చీ కూరుచోవా

గడప పక్కన బుల్లి చెప్పులు
ఎదురు చూసే ఇల్లు మాదీ
మెల్ల మెల్లగ కోలుకోనీ
పూట పూటకు తోడు రావా

నడక మిశ్రగతి, అంటే మూడు, నాలుగు మాత్రల జంట. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత కాలం. ‘తకిట తకధిమి తకిట తకధిమి’ అని చేత్తో తొడ మీద వేసుకుంటూ చదివి చూడండి, ‘చిన్ని’ మూడు, ‘చేతిని’ నాలుగు, ‘పట్టు’ మూడు, ‘కోవా’ నాలుగు. ప్రతి పాదం పద్నాలుగు మాత్రలు. ఈ నడకను ఎంచుకోవడానికి కారణం ఉంది. నాలుగు నాలుగుగా సాగే నడకలో భజన సహజంగా వేగం అందుకుంటుంది, చప్పట్లు పెరుగుతాయి, పది నిమిషాల్లో ఊపు వస్తుంది. ఆ ఊపు గుడిలో బాగుంటుంది, బాధతో కూర్చున్న ఇంట్లో అది వాళ్లను వెనకే వదిలేసి ముందుకు పరుగెత్తుతుంది. మూడు, నాలుగు జంటలో ఒక చిన్న కుంటు ఉంటుంది, అది వేగాన్ని తనంతట తానే పట్టి ఉంచుతుంది. అదీగాక ‘కోలుకోనీ’ అన్న మాట సరిగ్గా మూడు, నాలుగుగా విడిపోతుంది, పాటలో అన్నింటికన్నా ముఖ్యమైన మాట విరగకుండా, సాగకుండా తన చోట తాను కూర్చుంటుంది. ‘చిన్ని’ ఉన్న చోట ‘బుజ్జి’, ‘చిట్టి’, ‘బాబు’ అన్నవి కూడా మూడు మాత్రలే కాబట్టి, మీరు ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు ఆ కొలతకు సరిపోతే అక్కడ పెట్టుకోండి. పిల్లవాడు తన పేరు విన్నప్పుడు కళ్లు తిప్పి చూస్తాడు.

మొదటి చరణంలో అడిగినవి ఎంత చిన్నవో గమనించండి. నుదుటికి చల్లదనం, కొంచెం నొప్పి తగ్గడం, కాస్త నిద్ర. ఇవి ఈ రాత్రికి కావలసినవి, ఈ రాత్రే దొరకగలిగినవి. జబ్బు మొత్తం పోవాలన్న కోరిక పెద్దది, దాని జవాబు రావడానికి నెలలు పడుతుంది. అంతవరకూ ప్రతి సాయంత్రం జవాబు రాని ప్రార్థనే చేస్తూ ఉంటే మనిషి అలసిపోతాడు. వాడు రాత్రి రెండు గంటలు కలత లేకుండా నిద్రపోతే, మర్నాడు ఆ పాదం పాడేటప్పుడు మీ అక్క గొంతులో తేడా మీకే తెలుస్తుంది. ‘కొంత నొప్పిని’ అన్నచోట ‘అంత నొప్పిని’ అని మార్చమని మీ ఇంట్లో ఎవరైనా అనవచ్చు, మాత్రలు కూడా సరిపోతాయి. దయచేసి మార్చకండి. నొప్పి పూర్తిగా పోయిందా లేదా అన్నది వాడికి తెలుసు. మనం అడిగింది వాడి అనుభవానికి దగ్గరగా ఉంటేనే వాడు ఆ పాటను తనదనుకుంటాడు.

రెండో చరణంలో కోరిక ఒకే ఒక్కటి, వచ్చి దగ్గర కూర్చోవడం. ఆసుపత్రిలో పరామర్శకు వచ్చినవాళ్లలో నలుగురు నాలుగు సలహాలు చెబుతారు, ఒక్కరు మాత్రం ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చుంటారు, తల్లి తరువాత తలచుకునేది ఆ ఒక్కరినే. దేవుణ్ణి కూడా అలాగే కూర్చోమని అడిగాను. ఇక్కడ ‘తెలుసు నీకూ’ అన్నది ఖచ్చితంగా చెప్పిన వాక్యమే కదా, అది హామీ కాదా అని మీరు అడగవచ్చు. దేవుడికి తెలుసునన్నది విశ్వాసం, ఫలానాది జరుగుతుందన్నది జోస్యం. మొదటిదాన్ని ఏ రక్తపరీక్షా కాదనలేదు. సంబోధనలను కూడా ఇదే తరాజులో వేసి చూసుకోవాలి. ‘ఆపద్బాంధవా’ అంటే ఆపదలో చుట్టమైనవాడా అని, అది బంధుత్వాన్ని చెబుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ‘సర్వరోగ నివారణా’ అన్నది చూడటానికి బిరుదే అయినా, వినేవాళ్లకు ఫలితం చెప్పినట్టే ఉంటుంది కాబట్టి నేను పక్కన పెడతాను. నాన్న ప్రస్తావన విడిగా ఎందుకంటే, ఇటువంటి పాటలన్నీ తల్లి కన్నీళ్ల చుట్టూనే తిరుగుతాయి. బిల్లులు కట్టి, మందుల దుకాణం ముందు నిలబడి, సెలవు పెట్టడానికి ఆఫీసుకు ఫోను చేసే మనిషికి పాటలో చోటు ఉండదు. మీ బావగారు రేపు కూర్చుని వింటే, ఆ పాదం దగ్గర వింటారని నా ఆశ.

మూడో చరణం నాకు ఎక్కువ సమయం పట్టింది. మొదట మూడో పాదాన్ని ‘ఆశ దీపం ఆరనీకూ’ అని రాశాను. యతి కుదిరింది, మాత్రలు కుదిరాయి. రాసినదాన్ని మా ఇంట్లో పెద్దావిడకు వినిపిస్తే, ఆ పాదం దగ్గర ఆవిడ ముఖం మారింది. మన ఇళ్లలో దీపం ఆరిందని కూడా అనరు, కొండెక్కిందంటారు. పిల్లవాడు మంచం మీద ఉండగా దీపమూ ఆరడమూ ఒకే పాదంలో వినిపిస్తే, ‘ఆరనీకు’ అన్న వ్యతిరేకార్థం ఎవరికీ పట్టదు, ఆరడమే చెవిలో పడుతుంది. చివరి పాదానికి మొదట ‘ఏది వచ్చిన వదిలిపోకూ’ అని రాసుకున్నాను. అది నిజాయితీ గల మాటే, కానీ తథాస్తు దేవతలు ఉంటారని నమ్మే నాయనమ్మ పక్కన కూర్చుని ఆ మాట పాడితే, ‘ఏది వచ్చిన’ అన్నచోట ఆవిడకు వచ్చే ఆలోచన ఒక్కటే. ఫలితాన్ని హామీ ఇవ్వకూడదన్న నియమం పెట్టుకున్న రచయితలు తరచుగా ఈ రెండో గోతిలో పడతారు. మంచిని ముందే చెప్పకుండా ఉండే ప్రయత్నంలో చెడును గుర్తుచేస్తారు. ‘పూట పూటకు తోడు రావా’ అన్నప్పుడు రేపటి సంగతి మంచిగా గానీ చెడుగా గానీ ఎత్తము. ఈ పూట గడవాలి, తరువాతి పూటకు మళ్లీ అడుగుతాం.

‘మెల్ల మెల్లగ కోలుకోనీ’ అన్న పాదం విషయంలో మాత్రం మీరు వెనక్కి తగ్గకండి. అబద్ధం చెప్పకూడదన్న భయంతో కొందరు కోలుకోవడం అన్న మాటనే తీసేసి, ‘నీ ఇష్టం దేవా, నీ చిత్తం’ అని ముగిస్తారు. తల్లికి అది ఎలా వినిపిస్తుందో ఆలోచించండి, ఇంట్లో అందరూ ఆశ వదులుకున్నారని వినిపిస్తుంది. కోరిక కోరడం హామీ ఇవ్వడం కాదు. కోరికను పూర్తి గొంతుతో, ఆ మాటతోనే కోరాలి. ‘మెల్ల మెల్లగ’ అన్నది కూడా ఊరికే వేసింది కాదు. ఈ జబ్బులో నయం కావడం నెలల లెక్కన జరిగే పని, ఒక్కసారిగా లేచి ఆడే పని కాదు.

చెప్పుల గురించి ఒక మాట. గడప పక్కన చిన్న చెప్పులు అన్న పాదం పాడేటప్పుడు ఏడుపు రావచ్చు. దాన్ని తీసేయాలా అని నేనూ ఆలోచించాను. పాదాన్ని తీసేయడానికి నేను పెట్టుకున్న కొలత, అది ఏడిపిస్తుందా అన్నది కాదు, ఏ రోజైనా అది అబద్ధమవుతుందా అన్నది. ఇల్లు ఎదురు చూస్తోందన్నది ఈ రోజు నిజం, ఎప్పుడు తలచుకున్నా ఆ రోజు అది నిజమే. అందుకని ఉంచాను. మీ ఇంట్లో చెప్పులకు బదులు వాడి సైకిలో, స్కూలు సంచో ఉంటే దాన్నే పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త, జుట్టు గురించి, బొద్దు బుగ్గల గురించి రాయకండి. ఈ చికిత్సలో జుట్టు రాలుతుంది, కొన్ని మందుల వల్ల ముఖం ఉబ్బుతుంది. ‘ఉంగరాల జుట్టు’ అని అల్లారుముద్దుగా రాసిన పాదం, వాడు అద్దంలో చూసుకున్న రోజున గుచ్చుకుంటుంది. మొక్కులను కూడా పాటలోకి తేకండి. తిరుపతిలో తలనీలాలు ఇస్తామని మొక్కుకున్నవాళ్లు ఆ మొక్కును మనసులో ఉంచుకోవాలి. పాటలోకి వస్తే అది రోజూ గుర్తుచేసే బాకీ అవుతుంది. ‘మా పాపమేమి’, ‘ఏ జన్మ కర్మమో’ వంటివి అసలే వద్దు. తాము చేసినదేదో పిల్లవాడికి చుట్టుకుందన్న అనుమానం ఏ తల్లిదండ్రులకైనా ఎలాగూ ఉంటుంది, దానికి మనం రాగం కట్టకూడదు.

దేవుడి పేరు పెట్టకుండా ‘దేవా’ అని ఎందుకు వదిలేశానంటే, ఇంట్లో పాడే పాట ఏదో ఒక రోజు వార్డుకు చేరుతుంది. రెడ్‌హిల్స్ ఆసుపత్రుల వరండాల్లో ఒక చాప మీద తావీజు కట్టుకున్న పిల్లవాడు, పక్క చాప మీద మెడలో సిలువ ఉన్న పాప, ఆ పక్కన నుదుట విభూది పెట్టుకున్న బాబు ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. ఒకసారి మేము పాడుతుంటే, దువా చదువుకుంటున్న ఒక తల్లి ఆగి విని, ‘మా వాడి పేరు కూడా కలపండి’ అని అడిగింది. మీ ఇంటి దేవుడి పేరు పెట్టుకోవడం మీ ఇష్టం. ‘రావ దేవా’లో చివరి నాలుగు మాత్రలు ఖాళీ చేసి ‘రావ తండ్రీ’, ‘రావ రామా’ అని ఏది పెట్టినా నడక చెడదు.

బాణీకి మోహన రాగం సూచిస్తాను. అందులో మధ్యమం, నిషాదం ఉండవు, ఐదే స్వరాలు కాబట్టి సంగీతం నేర్చుకోనివాళ్లు కూడా కలిసి పాడగలరు. జోలపాటలకు నీలాంబరి పేరు పొందినదే గానీ, దాని గమకాలు పదిమంది కలిసి పాడితే నిలవవు. మోహనలో కనిపెట్టుకోవలసింది గాంధారాన్ని, అంటే ‘గ’ స్వరాన్ని. ఏడుపు గొంతులో ఉన్నప్పుడు గాంధారం కొంచెం కిందికి జారుతుంది. అలా జారి, సాధారణ గాంధారమని పేరున్న కింది స్థాయికి చేరిందంటే అది మోహన కాదు, శివరంజని. మిగిలిన స్వరాలన్నీ అవే, ఆ ఒక్కటి మారగానే పాట మొత్తం శోకంలోకి దిగిపోతుంది. ‘ఇవాళ ఎందుకో పాట దిగులుగా ఉంది’ అని ఎవరైనా అంటే, చాలాసార్లు కారణం ఇదే. హార్మోనియం గానీ, ఫోనులో శ్రుతిపెట్టె గానీ పెట్టుకుని, గొంతు నిలకడగా ఉన్న ఒకరిని ముందు పాడమనండి. ఇంకొక చిన్న పని చేయండి, ‘వా’ అని ముగిసే పాదాలను షడ్జమం మీద, అంటే ‘స’ మీద దించకండి. షడ్జమం మీద ఆగితే సంగతి తేలిపోయినట్టు వినిపిస్తుంది. పంచమం దగ్గర, అంటే ‘ప’ దగ్గర ఆపితే ప్రశ్న ప్రశ్నగానే నిలుస్తుంది. చివరిసారి పల్లవి పాడేటప్పుడు మాత్రం షడ్జమానికి వచ్చి కూర్చోండి, విన్నవాళ్లకు విశ్రాంతి కావాలి.

వేగం, ఒక్కో పాదానికి ఏడు సెకన్లు పట్టేలా ఉంటే చాలు. ప్రతి చరణం తరువాత పల్లవి వేసుకుంటూ పాడితే మొత్తం రెండున్నర నిమిషాల లోపే వస్తుంది, అంతకు మించి సాగదీయకండి. వార్డులో పాడవలసి వస్తే నర్సమ్మను ముందుగా అడిగి, ఒక్కరే, మంచం పక్కన కూర్చుని, మాట్లాడే గొంతు కన్నా తక్కువ గొంతుతో పాడాలి. చికిత్సలో ఉన్న పిల్లలకు రక్తకణాలు తగ్గి, సోకే జబ్బులను తట్టుకునే శక్తి తక్కువగా ఉంటుంది కాబట్టి బృందమంతా వెళ్లడం తగదు, జలుబు ఉన్నవాళ్లు అసలే వద్దు. అగరుబత్తి, హారతి ఆ గదిలో కుదరవు, ఆక్సిజన్ ఉన్న చోట నిప్పు ప్రమాదం. ఇంట్లో అందరూ పాడినదాన్ని ఫోనులో రికార్డు చేసి పంపితే, వాడు తాతయ్య గొంతు ఏదో, పిన్ని గొంతు ఏదో పోల్చుకుంటూ వింటాడు. రికార్డింగులో ఎవరి గొంతైనా తడబడితే మళ్లీ తీయాలని చూడకండి.

పాడుతూ పాడుతూ మీ అక్క మధ్యలో ఆగిపోయిన రోజులు వస్తాయి. అప్పుడు మిగిలినవాళ్లు గట్టిగా ఎత్తుకుని ఆ పాదాన్ని పూర్తి చేయకండి, ఆమె ఏడుపును పాటతో కప్పినట్టు ఉంటుంది. శ్రుతి మోగనిచ్చి, ఆమె ఊపిరి కుదుటపడేదాకా ఆగండి. తరువాత ఆగిన చోటు నుంచి కాకుండా, ‘చిన్ని చేతిని పట్టుకోవా’ అని మళ్లీ పల్లవి దగ్గరే మొదలుపెట్టండి.